నెల, నేల: పర్లాకిమిడి మాస్టారి నోటు పుస్తకంలోంచి ఒక కేస్

మా మాస్టారు పోయాక ఆయన ట్రంకు పెట్టెలో పాత చిట్టా పుస్తకాలు దొరికాయి. కిరాణా కొట్లో అప్పులు రాసుకునే పొడుగాటి పుస్తకాలు అవి. వాటిలో అప్పుల బదులు పిల్లల తప్పులు ఉన్నాయి. ఏ పిల్ల ఏ రోజు ఏ మాటను ఎలా రాసిందో, పక్కన ఎందుకలా రాసి ఉంటుందో, ఆ పక్కన మర్నాడు ఏం చేయాలో. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకు ఆయన నవ్వు, చేతికర్ర, జేబులో శనగపప్పు గుర్తుంటాయి. పాఠాలు చెప్పుకుని బతికేవాళ్లకు మాత్రం ఆ చిట్టాయే ఎక్కువ పనికొస్తుంది. అందులో ఒక అమ్మాయి కేసును ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను. అమ్మాయి పేరు అక్కర్లేదు. మాస్టారు కూడా పేరు రాయలేదు, "ఆరో తరగతి, కాశీనగర్ వైపు" అని మాత్రమే రాసుకున్నారు.

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది, బడిలో ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రాంతంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. మధ్యలో ఉన్నది కొద్దిపాటి దూరమే. ఈ పిల్లలకు తెలుగు మాట్లాడడం నేర్పక్కర్లేదు. ఒడియా చదవడం, రాయడం బాగా వచ్చు. తెలుగు అక్షరాలు కూడా ఎవరో ఒకరు ఇంట్లో నేర్పే ఉంటారు. అయినా తెలుగులో నాలుగు వాక్యాలు రాయమంటే తప్పుల కుప్ప. ఆ కుప్పను చూసి చాలామంది మళ్లీ అ, ఆ, ఇ, ఈ నుంచి మొదలెడతారు. మాస్టారు అలా చేయలేదు. ఆయన లెక్క వేరు: ఒడియా ఇప్పటికే ఇచ్చినదాన్ని మళ్లీ నేర్పితే పిల్లకు విసుగు, ఒడియా ఇవ్వనిది నేర్పకపోతే తప్పు. కాబట్టి మొదట ఆ రెండింటినీ విడదీయాలి.

అమ్మాయి వచ్చిన మొదటి రోజు ఇరవై మాటలు చెప్పి రాయించారు. నెల, నేల, మేడ, గోడ, పొలం, తేలు, కంచం, గంప, బండి, వంకాయ, గడ్డి, ముక్క, బల్ల, అన్నం, చక్రం, ముద్ర, మిర్చి, కుర్చీ, నీళ్లు, కూర. రాయించేటప్పుడు వరస కలిపేశారు. అన్నీ ఆ పిల్ల రోజూ పలికే మాటలే. తెలియని మాట ఇస్తే తప్పు చెవిదో చేతిదో తేలదని పక్కన రాసి ఉంది.

ఇరవైలో పన్నెండు తప్పు. నేల "నెల" అయింది, మేడ "మెడ", గోడ "గొడ", తేలు "తెలు". నీళ్లు "నిళ్లు", కూర "కుర". కంచాన్ని "కఞ్చం" అని, గంపను "గమ్ప" అని, బండిని "బణ్డి" అని, వంకాయను "వఙ్కాయ" అని రాసింది. మిర్చి, కుర్చీల్లో ర, చ తారుమారయ్యాయి. సరిగ్గా వచ్చిన ఎనిమిదిలో నెల, పొలం ఉన్నాయి. వాటి పక్కన మాస్టారు "ఇవి ఒప్పు కాదు, అదృష్టం" అని రాసుకున్నారు. ఎత్వాలు, ఒత్వాలు అన్నీ పొట్టిగానే రాసే పిల్లకు పొట్టివి ఎలాగూ కలిసొస్తాయి కదా.

పన్నెండు తప్పులు కనిపిస్తున్నాయిగానీ కారణాలు మూడే. పొడుగు పొట్టి తెలియకపోవడం వల్ల ఆరు, సున్న వల్ల నాలుగు, ర వల్ల రెండు. ఇవి కాక అక్షరం ఆకారంలో ఒక తప్పు ఉంది. దాన్ని మాటల లెక్కలో కలపకుండా విడిగా రాసుకున్నారు. ముందు దానితోనే మొదలెట్టారు.

అది తలకట్టు సంగతి. ఒడియాలో హల్లు హల్లులాగే ఉంటుంది, గుణింతపు గుర్తు వచ్చి పక్కనో పైనో కిందో చేరుతుంది. తెలుగులో అలా కాదు. క మీద గుడి పెట్టాలంటే ముందు తలకట్టు తీసేయాలి. తలకట్టు ఉన్న చోటే గుడి కూర్చుంటుంది. దీర్ఘం, ఎత్వం, ఒత్వం కూడా అంతే. కొమ్ము మాత్రం పక్కకు వస్తుంది కాబట్టి తలకట్టు ఉండిపోతుంది. ఈ అమ్మాయి తలకట్టు అలాగే ఉంచి దాని మీద గుడి వేసేది. అక్షరం నెత్తిన రెండు కొమ్ములు మొలిచినట్టు కనబడేది. చదివేవాళ్లకు అది గుడో ఏత్వమో తెలిసేది కాదు. దీనికి మాస్టారు రెండు రోజులే తీసుకున్నారు. పలక మీద క రాయించి, తడిగుడ్డతో తలకట్టు ఒక్కటే తుడిపించి, ఆ ఖాళీలో గుడి పెట్టించేవారు. మళ్లీ తుడిచి ఎత్వం, మళ్లీ తుడిచి ఒత్వం. కాగితం మీద ఈ పని కుదరదు, పలకే కావాలి, ఎందుకంటే తుడవడమే పాఠం. ట, బ, జ, ల లాంటి తలకట్టు లేని అక్షరాలను మూడో రోజుదాకా తేలేదు.

తర్వాత సున్న. "బణ్డి" అని రాసిన పిల్లకు తెలుగు రాదని అనుకుంటే పొరపాటు, ఆమెకు ఒడియా గట్టిగా వచ్చు. ఒడియాలో ఆ వర్గపు అనునాసికాన్నే రాసి, తర్వాతి హల్లును దానికి జోడిస్తారు. డకు ముందు ణ, పకు ముందు మ, చకు ముందు ఞ, కకు ముందు ఙ. ఆ పిల్ల చేసింది అదే. మాస్టారు ఆ నాలుగు మాటల్ని కొట్టేయలేదు. పక్కన ఒడియాలో అలాంటి మాట ఒకటి రాసి, "అక్కడ ఇలాగే రాయాలమ్మా, ఇక్కడైతే ఈ నాలుగింటికీ ఒకటే గుండ్రం" అని చూపించారు. అమ్మాయి ఒక్క పూటలో పట్టేసింది. మాట చివరి సున్న ఆమెకు ముందే తెలుసు, పొలం, అన్నం సరిగ్గానే రాసింది. ఎలా తెలుసని అడిగితే, ఆంధ్రా బస్సుల బోర్డుల మీద పాతపట్నం, శ్రీకాకుళం చూసి నేర్చుకున్నానని చెప్పిందట. బోర్డులు అంతగా చూడని చిన్నపిల్లలతో ఇంకో చిక్కు ఉంటుంది. ఒడియాలో ఠ అంటే ఉత్త గుండ్రమే. తెలుగు సున్న మాట మధ్యలో కాస్త పెద్దదిగా కనిపిస్తే దాన్ని ఠ అని చదివేస్తారు. అలాంటి వాళ్లకు సున్నను మిగతా అక్షరాల్లో సగం ఎత్తున రాసి చూపించాలి.

సున్న వచ్చిన మూడో రోజున చిట్టాలో కొత్త తప్పు కనిపిస్తుంది. అన్నం "అంనం" అయింది, అమ్మ "అంమ" అయింది. మొదటి రోజు సరిగ్గా రాసిన మాట ఇప్పుడు తప్పింది. నేర్పినది ఎక్కువైందని దీని అర్థం. మాస్టారు నియమాన్ని చిన్నది చేశారు: తర్వాత వచ్చేది న గానీ మ గానీ అయితే సున్న జోలికి పోవద్దు, వత్తు ఇవ్వు. వ్యాకరణంలో ఇది ఇంత తేలిక కాదు, కానీ ఆరో తరగతి పిల్ల రాసే మాటలకు ఇది చాలు.

అసలు కష్టమంతా పొడుగు పొట్టిలోనే. ఇక్కడ మాస్టారి చూపు ఎంత సూక్ష్మమో చిట్టా చెబుతుంది. అన్ని హ్రస్వదీర్ఘాలనూ ఒక్క గాటన కట్టలేదు, మూడు రకాలు చేశారు. అ, ఆ లతో ఇబ్బందే లేదు. ఒడియాలో అ అంటే పెదవులు కాస్త గుండ్రం చేసి పలికేది, ఆ అంటే నోరు తెరిచి పలికేది. అవి వేరు వేరు ధ్వనులు కాబట్టి పిల్ల ఎప్పుడూ పొరపడదు. రెండో రకం ఇ, ఈ, ఉ, ఊ. ఒడియా రాతలో గుర్తులు రెండూ ఉన్నాయి, మాటలో తేడా దాదాపు లేదు. ఏ మాటకు ఏ గుర్తో ఒడియా పిల్లలు బట్టీ పట్టి నేర్చుకుంటారు. అంటే గుర్తు తెలుసు, దానికీ చెవికీ లంకె లేదు. అందుకే నీళ్లు "నిళ్లు" అయింది. మూడో రకం ఎ, ఏ, ఒ, ఓ. వీటికి ఒడియాలో రెండో గుర్తే లేదు. ఏ ఒక్కటి, ఓ ఒక్కటి. తెలుగులో ఎత్వానికీ ఏత్వానికీ తేడా పైనున్న చిన్న మెలిక. కొత్త కంటికి అది కలం జారినట్టు కనిపిస్తుందే తప్ప అక్షరంలో భాగమని తోచదు.

కానీ ఇదంతా రాతలోని లోటు, నోట్లో లోటు లేదు. ఆ పిల్ల "నెల జీతం" అనేటప్పుడు ఎప్పుడూ "నేల జీతం" అనదు. మాస్టారు ముందు ఈ సంగతే ఖాయం చేసుకున్నారు. కాగితం లేకుండా జంట మాటలు చెప్పారు: నెల, నేల, మెడ, మేడ, వెల, వేల, కొన, కోన, దొర, దోర. పొట్టి వినబడితే ఒక వేలు, పొడుగు వినబడితే రెండు వేళ్లు చూపించాలి. పదికి పదీ సరిగ్గా వచ్చాయి. చెవి బాగుంది. ఈ పరీక్షలోనే తప్పితే కింద చెప్పే పద్ధతి పనిచేయదు.

ఆ తర్వాత చెవిని చేతికి కలిపే పని. రోజుకు పావుగంట, ఎనిమిది మాటలు, అంతకు మించి లేదు. మాటను పిల్లే పలకాలి, మాస్టారు పలకకూడదు. పలుకుతూ ఎడమచేత్తో బల్ల మీద పొట్టికి ఒక తాటింపు, పొడుగుకి ఒక జీరాటు. నేల అంటే ముందు వేలు జీరి, తర్వాత తాటించాలి. మన ఛందస్సులో హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు మాత్రలు అన్న లెక్కే ఇది, వేలి మీదికి వచ్చిందంతే. చెయ్యి జీరిన చోట అక్షరం మీద మెలిక ఉండాలి. రాశాక తన రాతను తనే చూస్తూ మళ్లీ వేలితో చదవాలి. వేలు ఒకటి చెప్పి అక్షరం ఇంకొకటి చెబితే తనే దిద్దుకోవాలి. మాస్టారు పెన్సిలు పట్టేవారు కాదు.

ఇక్కడ ఆయన చేసిన పొరపాటు ఒకటి ఉంది, దాన్ని కూడా దాచకుండా రాసుకున్నారు. మొదటి నాలుగు రోజులు మాటల్ని జంటలుగానే చెప్పారు, ఎప్పుడూ పొట్టిది ముందు, పొడుగుది వెనక. అయిదో రోజుకు ఒక్క తప్పూ లేదు. సంతోషంగా "పూర్తి" అని రాశారు. ఆరో రోజున వరస తిప్పి మేడ ముందు, మెడ తర్వాత చెప్పారు. రెండూ తప్పాయి. పిల్ల చెవితో రాయలేదు, రెండోది ఎప్పుడూ పొడుగే అని కనిపెట్టేసింది. "పూర్తి" అన్న మాట కొట్టేసి పక్కన "నాదే తప్పు" అని ఉంది. ఆ రోజు నుంచి జంటలు మానేసి విడి మాటలే చెప్పారు, పొట్టివీ పొడుగువీ ఎన్ని వస్తాయో రోజూ మార్చుతూ. ఒక రోజు ఎనిమిదీ పొట్టివే ఇచ్చేవారు. ఎవరైనా ఈ పని మొదలెడితే మొదటి రోజునుంచే మాటలను కలగలపమని చెబుతాను. జంటలు వినడానికి బాగుంటాయి, రాయించడానికి పనికిరావు.

మూడో వారంలో "తేలుగు", "పేరుగు", "బేల్లం" మొదలయ్యాయి. కొత్తగా వచ్చిన గుర్తు మీద మోజు. ఇది మంచి సూచనే, ఎందుకంటే మెలిక ఇప్పుడు ఆమె కంటికి అక్షరంలో భాగమైంది. కానీ ఈ దశలో కొత్త మాటలు ఇస్తే అలవాటు గట్టిపడిపోతుంది. మాస్టారు రెండు రోజులు కొత్తవి ఆపి, అమ్మాయి చేతనే సంతకు పట్టుకెళ్లే చీటీ రాయించారు: బెల్లం, పెరుగు, మెంతులు, తోటకూర, గోంగూర, కోడిగుడ్లు. ఇంట్లో తాతగారు దాన్ని రాసింది రాసినట్టే గట్టిగా చదవాలి, సర్ది చదవకూడదు. "బేల్లం" అని ఆయన సాగదీసి చదివేసరికి ఇంటిల్లిపాదీ నవ్వారని, మర్నాటి చీటీలో ఆ తప్పు లేదని చిట్టాలో ఉంది.

చివరగా ర. దీన్ని మాస్టారు కావాలనే ఆఖరికి ఉంచారు. ఒడియాలో హల్లుకు ముందు పలికే ర్ ఆ తర్వాతి హల్లు నెత్తిన చిన్న గీతగా కూర్చుంటుంది. తర్వాత పలికే ర కిందికి వెళ్తుంది. తెలుగులో ఏది ముందు పలుకుతామో అదే నిలబడుతుంది, తర్వాతది వత్తై కిందికి దిగుతుంది. చక్రంలో క నిలబడి ర వత్తు అవుతుంది, ఇది ఒడియాకు దగ్గరే కాబట్టి అమ్మాయికి మొదటి రోజే వచ్చింది. మిర్చిలో ర నిలబడాలి, చ దిగాలి. ఆమె చ నిలబెట్టి ర కింద పెట్టింది, అది "మిచ్రి" అయింది. నియమం చెబితే ర, చ ల సంగతి సర్దుకుంది, కానీ ఇంకో మెలిక మిగిలిపోయింది. చి లోని గుడి ఎక్కడ పెట్టాలి? ఒడియాలో అది చ మీదే ఉంటుంది, ర్ ఎలాగూ దాని నెత్తినే ఉంది. తెలుగులో గుడి నిలబడిన అక్షరానికి, అంటే ర కి, వస్తుంది. పలికేటప్పుడు మాత్రం చ తర్వాత వినబడాలి. అమ్మాయి కంటికి అది "రి" అని కనబడి "మిరిచ" అని చదివేది. దీనికి మాస్టారు పాత పెళ్లి పత్రికల వెనక వైపు అక్షరాలు రాసి ముక్కలు కోశారు. ర ఒక ముక్క, చ వత్తు ఒక ముక్క, గుడి ఒక సన్న ముక్క. ముందు ర, దాని కింద చ, అన్నిటికంటే చివర గుడి. పేర్చిన వరసలోనే పలకాలి. చదివేటప్పుడు కూడా కన్ను ముందు నిలబడిన అక్షరానికి, తర్వాత కిందికి, ఆఖరున పైకి వెళ్లాలి. ఈ ఒక్కదానికే పది రోజులు పట్టింది.

ఆరు వారాలకు పాత ఇరవై మాటలే మళ్లీ చెప్పారు. ఒక్కటి తప్పింది, కుర్చీ. పాత జాబితా మీద ఆయనకు నమ్మకం లేదు, అలవాటు పడిపోయి ఉంటుందని. అందుకే కొత్త ఇరవై చెప్పారు. అందులో నాలుగు తప్పు. రెండు ర తోనే, రెండు ఊ దగ్గర. ఎ, ఏ, ఒ, ఓ ల్లో ఒక్కటీ లేదు. చూస్తే ఇది తలకిందులుగా ఉందనిపిస్తుంది, ఒడియాలో గుర్తే లేనివి ముందు కుదిరి, గుర్తు ఉన్న ఊ వెనకబడింది. మాస్టారి వ్యాఖ్య చిన్నది: "లేనిది నేర్పడం తేలిక. ఉన్నదాని అలవాటు మాన్పడం కష్టం." ఏత్వం ఆమెకు పూర్తిగా కొత్తది, చెవితోనే పుట్టింది. ఊ కి ఒడియాలో బట్టీ పట్టిన అలవాటు అడ్డం వచ్చింది.

ఈ పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో కూడా చిట్టాలోనే ఉంది. అదే నెలల్లో ఒక సవర అబ్బాయి వచ్చేవాడు. వేళ్ల పరీక్షలో పదికి ఆరే సరిపోయాయి. ఇంట్లో సవర మాట్లాడే పిల్లవాడికి నెల, నేల తేడా చెవిలోనే ఇంకా లేదు. బల్ల మీద వేలు జీరమంటే మాస్టారి ముఖం చూసి జీరేవాడు. నాలుగు రోజుల తర్వాత మాస్టారు రాత ఆపేసి, అతనికి ముందు తెలుగు వినడం, మాట్లాడడం మొదలెట్టారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇదే పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలన్నారు. మాస్టారు ఆ దారిలో నడవలేకపోయారు, తనకు సవర రాదని ఒక వాక్యంలో ఒప్పుకుని వదిలేశారు.

ఇంకో చిక్కు ఒడియా వైపు వచ్చింది. నాలుగో వారంలో అమ్మాయి ఒడియా నోటుబుక్కులో అనునాసికానికి బదులు సున్నలు పెట్టడం మొదలెట్టింది, బడిలో చీవాట్లు తింది. దీన్ని ముందే ఊహించాల్సింది. మాస్టారు తెలుగు పాఠాన్ని బడికి ముందు నుంచి సాయంత్రానికి మార్చారు. పాఠం అయ్యాక రెండు వరసలు ఒడియా రాయించి పంపేవారు, చెయ్యి మళ్లీ ఆ దారిలో పడాలని. వారంలో సర్దుకుంది. ఒకేసారి నలుగురైదుగురు పిల్లల్ని మించి కూర్చోబెట్టలేదు. ఎవరి తప్పు ఎందువల్లో రోజూ విడదీసి రాసుకోవాలంటే అంతకంటే కుదరదు.

యాస సంగతి ఒకటి మిగిలింది. ఈ పిల్లలు "ఎల్లాం", "సెప్పింది", "ఏటి" అని రాస్తారు. మాస్టారు వీటిని తప్పుల లెక్కలో ఎప్పుడూ వేయలేదు. వాటికి వేరే పుస్తకం ఉండేది. ఇంటి మాట ఎడమవైపు, పుస్తకంలో మాట కుడివైపు, మధ్యలో గీత. ఎందుకంటే "ఎల్లాం" అని పిల్ల పలుకుతుంది, పలికినట్టే రాస్తుంది. చెవిని చేతికి కలపాలని ఆరు వారాలు కూర్చోబెట్టి, కలిపాక అది తప్పని కొట్టేస్తే, రేపు నేల రాసేటప్పుడు కూడా చెవిని నమ్మదు. యాసను దిద్దే పని ఏదైనా ఉంటే అది ఆ తర్వాతి ఏడాదిదని ఆయన లెక్క.

ఆ కేసు చివరి పేజీలో అమ్మాయి రాసిన చీటీ అంటించి ఉంది. "మాస్టారండీ, రేపు నేను రాను. మా సెల్లికి జొరం." కింద పెన్సిలుతో మాస్టారి అక్షరాలు: "రేపు, నేను, రెండు ఏత్వాలూ సరే. జొరం ఒత్వం సరే. సెల్లి, జొరం రెండో పుస్తకంలోకి. ఎల్లుండి: కూర, నూనె, దూడ."